సేఫ్ టార్క్ ఆఫ్: బటన్ నొక్కితే మోటార్ ఆగింది, మరి ఎస్‌టీఓ పనిచేసినట్టేనా?

ఈ ఎపిసోడ్ డ్రైవ్‌లో ఉండే సేఫ్ టార్క్ ఆఫ్ గురించి, అంటే ఎస్‌టీఓ గురించి. దాన్ని సేఫ్టీ రిలేకి ఎట్లా కలపాలో చాలా వీడియోల్లో చూపిస్తారు. కలిపిన తర్వాత అది నిజంగా పనిచేస్తోందని ఎట్లా తేల్చుకోవాలో మాత్రం ఎక్కువమంది చెప్పరు. అందుకే ఇవాళ ఎక్కువసేపు రెండోదాని మీదే ఉంటా. వీడియో చూడటానికి వీలుకానివాళ్లు చదువుకోవడానికని మాట్లాడింది మొత్తం ఇక్కడ పెడుతున్నా.

ఉదాహరణకి తీసుకున్న మెషిన్ మన చిత్తూరు వాళ్లకి బాగా తెలిసినదే, మామిడి గుజ్జు తీసే పల్పర్. తోతాపురి సీజన్ మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ యూనిట్లు రాత్రీపగలూ నడుస్తాయి. పల్పర్ చూడనివాళ్లకి రెండు మాటలు. అడ్డంగా పెట్టిన గుండ్రటి జల్లెడ ఉంటుంది. దాని లోపల ఒక షాఫ్ట్, షాఫ్ట్‌కి పొడవాటి తెడ్లు. షాఫ్ట్ వేగంగా తిరిగితే తెడ్లు కండని జల్లెడకి వేసి నొక్కుతాయి. గుజ్జు రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది, తొక్కా పీచూ లోపల మిగిలిపోతాయి. పీచు పేరుకుంటే జల్లెడ మూసుకుపోతుంది కాబట్టి షిఫ్టులో చాలాసార్లు మూత తీసి కడగాలి. మెషిన్ ఆపడం, మూత తీయడం, చెయ్యి లోపల పెట్టడం, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయే చోటు ఇది.

నేను చూసిన యూనిట్ పేరు చెప్పను. పల్పర్‌కి 5.5 కిలోవాట్ నాలుగు పోల్ మోటార్, దానికి ఏబీబీ డ్రైవ్. మోటార్ 1440 ఆర్‌పీఎం, పుల్లీలతో సగానికి తగ్గించి రోటర్ 720 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఉంది, సేఫ్టీ రిలే ఉంది, డ్రైవ్‌లో ఎస్‌టీఓ ఉంది. అక్కడి ఎలక్ట్రీషియన్ అన్న అడిగింది ఒకటే. "బటన్ నొక్కితే మెత్తగా ఆగిపోతా ఉండాది తమ్ముడూ. ఇది కేటగిరీ 1 అని రాసి సంతకం పెట్టేయొచ్చా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఎస్‌టీఓ ఏం చేస్తుందో తెలియాలి. డ్రైవ్ లోపల ఆరు ఐజీబీటీలు వంతులవారీగా ఆన్ ఆఫ్ అవుతూ మోటార్‌కి మూడు ఫేజులు తయారుచేస్తాయి. వాటి గేట్లకి పల్సులు అందాలి. ఎస్‌టీఓ ఇన్‌పుట్‌లకి 24 వోల్ట్ పోయిందంటే ఆ పల్సులు గేట్ల దాకా చేరవు. ఇది సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా హార్డ్‌వేర్‌లోనే జరుగుతుంది. పల్సులు లేకపోతే తిరిగే అయస్కాంత క్షేత్రం లేదు, అది లేకపోతే టార్క్ లేదు. అంతవరకే.

టార్క్ లేదంటే మోటార్ తిప్పడం మానేసిందని అర్థం. రోటర్ తిరగడం మానేసిందని కాదు. అప్పటికే వేగంగా తిరుగుతున్న తెడ్లు వాటి ఊపులో అవి తిరుగుతూనే ఉంటాయి, ఎస్‌టీఓ వాటికి బ్రేక్ వేయదు. ఇంకో మాట, డ్రైవ్‌లో కరెంటు కూడా పోదు. డీసీ బస్ నిండుగా ఛార్జ్ అయ్యే ఉంటుంది, మోటార్ టెర్మినల్ దగ్గర ప్రమాదకరమైన వోల్టేజ్ ఉండొచ్చు. జల్లెడ మార్చాలన్నా, మోటార్ వైర్లు ముట్టుకోవాలన్నా ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం వేయాల్సిందే. ఎస్‌టీఓ ఉంది కదా అని ఆ తాళం మానకూడదు.

ఇక స్టాప్ కేటగిరీలు. ఇవి ఐఈసీ 60204-1లో ఉంటాయి. కేటగిరీ 0 అంటే కదిలించే శక్తిని ఉన్నపళంగా తీసేయడం, లోడ్ తన ఇష్టం వచ్చినప్పుడు ఆగుతుంది. కేటగిరీ 1 అంటే ముందు శక్తి వాడుకునే అదుపులో ఆపడం, ఆగాక శక్తి తీసేయడం. కేటగిరీ 2లో ఆగాక కూడా శక్తి అట్లానే ఉంటుంది కాబట్టి ఎమర్జెన్సీ స్టాప్‌కి అది పనికిరాదు, 0 గానీ 1 గానీ కావాలి. డ్రైవ్ భాషలో, అంటే ఐఈసీ 61800-5-2లో, ఎస్‌టీఓ ఒక్కటే వాడితే అది కేటగిరీ 0. ముందు ర్యాంప్‌లో దించి తర్వాత ఎస్‌టీఓ ఇస్తే దాన్ని ఎస్‌ఎస్1 అంటారు, అది కేటగిరీ 1.

ఆ యూనిట్‌లో కావాలనుకున్నది కేటగిరీ 1. పల్పర్ లాంటి బరువైన రోటర్‌ని ఊరికే వదిలేస్తే చాలాసేపు తిరుగుతుంది కాబట్టి ఆ నిర్ణయం సరైనదే.

వైరింగ్ ఇట్లా ఉండాలి. ఎమర్జెన్సీ బటన్‌లో రెండు నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు ఉంటాయి. ఒకటి రిలేలో S11, S12 మధ్య, రెండోది S21, S22 మధ్య. అంటే రెండు ఛానెళ్లు, ఒకటి అతుక్కుపోయినా రెండోది తెగుతుంది. రిలే అవుట్‌పుట్‌లో రెండు రకాల కాంటాక్టులు కావాలి. బటన్ నొక్కగానే తెగేవి కొన్ని, సెట్ చేసిన సమయం తర్వాత తెగేవి కొన్ని. టెర్మినల్ నంబర్ చూస్తేనే తేడా తెలుస్తుంది. 13-14, 23-24 లాగా 3, 4తో ముగిసేవి వెంటనే తెగేవి. 37-38, 47-48 లాగా 7, 8తో ముగిసేవి ఆలస్యంగా తెగేవి.

వెంటనే తెగే 13-14ని డ్రైవ్ డిజిటల్ ఇన్‌పుట్‌కి ఇవ్వాలి. దాని పని డ్రైవ్‌కి "దించు" అని చెప్పడం. ఆలస్యంగా తెగే 37-38ని ఎస్‌టీఓ మొదటి ఛానెల్ IN1కి, 47-48ని రెండో ఛానెల్ IN2కి. డ్రైవ్‌లో ఈ ఎస్‌టీఓ టెర్మినళ్ల మీద ఫ్యాక్టరీ నుంచే చిన్న జంపర్లు వేసి వస్తాయి. ఎస్‌టీఓ వాడనివాళ్లకి కూడా డ్రైవ్ నడవాలి కదా, అందుకు. మనం వాడేటప్పుడు వాటిని తీసేయాలి. ఈ జంపర్ల గురించి మళ్లీ మాట్లాడతా.

పారామీటర్లలో ఒక మంచి అలవాటు చెప్తా. ఏబీబీ ఏసీఎస్580, ఏసీఎస్880లో మామూలు ర్యాంప్ సమయం 23.13లో ఉంటుంది. ఎమర్జెన్సీ ర్యాంప్‌కి వేరేగా 23.23 ఉంది. ఎమర్జెన్సీ సిగ్నల్ ఎక్కడినుంచి రావాలో 21.05లో, ఎట్లా ఆగాలో 21.04లో పెట్టాలి. 13-14ని మామూలు స్టాప్ ఇన్‌పుట్‌కి ఇచ్చేస్తే సరిపోదా అంటే, ఇవాళ్టికి సరిపోతుంది. రేపు ఎవరో ప్రొడక్షన్ కోసం 23.13ని 4 నుంచి 15కి మార్చారనుకోండి, మన ఎమర్జెన్సీ స్టాప్ కూడా వాళ్లకే తెలియకుండా మారిపోతుంది. అందుకే రెండూ వేరుగా ఉంచాలి.

ఆ యూనిట్‌లో 23.23 విలువ 4 సెకన్లు, రిలే టైమర్ 5 సెకన్లు. కాగితం మీద చక్కగా ఉంది. బటన్ నొక్కి చూశాం. రోటర్ మెత్తగా దిగి, దాదాపు 9 సెకన్లకి ఆగింది. నాలుగు అనుకుంటే తొమ్మిది ఎందుకైందని అడిగా. "పెద్ద రోటర్ కదా" అన్నాడు అన్న.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రిలే 5 సెకన్లకి ఎస్‌టీఓ తెంపాలి. తెంపితే మోటార్‌కి టార్క్ పోతుంది, ఆ తర్వాత రోటర్ స్వేచ్ఛగా తిరగాలి. కానీ ఇది 5 దాటాక కూడా అదుపులోనే దిగుతోంది. అంటే ఐదో సెకన్‌లో జరగాల్సింది జరగలేదన్నమాట.

తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైనది ఇదే. "దించు" అని చెప్పే 13-14 వైరు ప్రభావం లేకుండా చేసి, అంటే ఆ ఇన్‌పుట్‌కి తాత్కాలికంగా 24 వోల్ట్ నేరుగా ఇచ్చి, అప్పుడు బటన్ నొక్కాలి. ఇప్పుడు డ్రైవ్‌కి ర్యాంప్ ఆజ్ఞ అందదు. రిలే 5 సెకన్లకి ఎస్‌టీఓ తెంపితే మోటార్ వదిలేయాలి, డ్రైవ్ స్క్రీన్ మీద 5091 ఫాల్ట్ గానీ A5A0 వార్నింగ్ గానీ రావాలి. రెండిట్లో ఏది వస్తుందన్నది 31.22 సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు మూతలన్నీ బిగించి ఉండాలి. మెయిన్ ఐసొలేటర్ దగ్గర ఒక మనిషి నిలబడాలి, ఎందుకంటే మోటార్ ఆగకపోవచ్చు.

ఆగలేదు. రిలే మీద లైట్లన్నీ ఆరిపోయాయి, మోటార్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. ఐసొలేటర్ ఆఫ్ చేసి, డీసీ బస్ దిగేదాకా మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, కవర్ తీసి చూస్తే రిలే నుంచి వచ్చిన వైర్లతో పాటు ఫ్యాక్టరీ జంపర్లు రెండూ అదే టెర్మినళ్లలో కూర్చుని ఉన్నాయి. రిలే కాంటాక్టు తెగినా జంపర్ గుండా 24 వోల్ట్ వెళ్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఆ మెషిన్‌ని ఆపింది ఎస్‌టీఓ కాదు, సేఫ్టీకి ఏ రేటింగూ లేని ఒక మామూలు డిజిటల్ ఇన్‌పుట్. ఆ ఇన్‌పుట్ చెడిపోయినా, ఆ పారామీటర్ ఎవరైనా చెరిపేసినా ఎర్ర బటన్ ఉత్త బొమ్మే.

కేటగిరీ 1లో ఉన్న తిరకాసు ఇదే. ర్యాంప్ బాగా పనిచేస్తే దాని వెనకాల ఎస్‌టీఓ ఉందో లేదో బయటికి కనబడదు. కేటగిరీ 0లో జంపర్ మర్చిపోతే మొదటిసారి నొక్కగానే దొరికిపోతారు.

జంపర్లు తీసేశాం. ఒక్కో ఛానెల్‌ని విడిగా కూడా చూశాం. IN1 వైరు మాత్రమే తీస్తే డ్రైవ్ FA81 చూపించి ఆగింది, IN2 మాత్రమే తీస్తే FA82. రెండు ఛానెళ్లూ విడివిడిగా ఆపగలవని, ఒకటి తెగి ఇంకోటి తెగకపోతే డ్రైవ్ కనిపెడుతుందని దీంతో తేలింది. 13-14 వైరు మళ్లీ మామూలుగా పెట్టి, బటన్ నొక్కాం.

ఈసారి రోటర్ ఆగడానికి 26 సెకన్లు పట్టింది.

"ఏం తమ్ముడూ, బాగుండేదాన్ని చెడగొట్టినావు కదా" అన్నాడు అన్న. "అంతకుముందు తొమ్మిది సెకన్లలో నిలబడేది. ఇప్పుడు అర నిమిషం తిరగతా ఉండాది. ఆ జంపర్లు మళ్లీ పెట్టేద్దాం." ఆయన మాటలో న్యాయం ఉంది. బయటినుంచి చూసేవాడికి సేఫ్టీ సరిచేస్తే మెషిన్ ముందుకంటే ప్రమాదంగా తయారైంది. జంపర్లు మళ్లీ ఎక్కించడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు కాబట్టి, ఎందుకిట్లా అయిందో వివరంగా చెప్తా.

రోటర్ జడత్వం మెషిన్ కాగితాల ప్రకారం 3 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్. 720 ఆర్‌పీఎం అంటే సెకనుకి 75.4 రేడియన్లు. దాచుకున్న శక్తి ఇది:

```
E = 0.5 * 3 * 75.4^2 = 8500 J (సుమారు)
```

4 సెకన్లలో ఆపాలంటే ఈ 8500 జౌల్స్ నాలుగు సెకన్లలో ఎక్కడికో పోవాలి. సగటున 2 కిలోవాట్లకి పైమాటే, మొదట్లో వేగం ఎక్కువ ఉన్నప్పుడు దానికి దాదాపు రెట్టింపు. ర్యాంప్‌లో దించేటప్పుడు మోటార్ జనరేటర్‌గా మారి ఆ శక్తిని డ్రైవ్ డీసీ బస్‌లోకి తోస్తుంది. మామూలు డ్రైవ్ దాన్ని మెయిన్స్‌లోకి తిరిగి పంపలేదు. బస్ వోల్టేజ్ పెరుగుతుంది. పరిమితి దగ్గరికి రాగానే డ్రైవ్‌లోని ఓవర్‌వోల్టేజ్ కంట్రోల్, అంటే పారామీటర్ 30.30, "నేను ట్రిప్ అవ్వకూడదు" అని ర్యాంప్‌ని సాగదీస్తుంది. మోటార్‌లోనూ డ్రైవ్‌లోనూ వేడిగా ఎంత పోతే అంతే దించుతుంది. అందుకే మనం 4 అని రాసినా అది 9 సెకన్లు తీసుకుంది. పారామీటర్‌లో రాసింది మన కోరిక మాత్రమే.

ఇప్పుడు రిలే సంగతి. నేను సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చినవాణ్ని కాబట్టి నాకు ఇది ఇట్లా కనిపిస్తుంది:

```
ramp_stop()
sleep(5)
sto()
```

రిలే టైమర్ ఉత్త `sleep(5)`. రోటర్ ఆగిందా అని అది చూడదు. ఐదో సెకన్‌లో టాకోమీటర్‌తో చూస్తే రోటర్ ఇంకా 400 ఆర్‌పీఎం దగ్గర ఉంది. సరిగ్గా అక్కడ రిలే ఎస్‌టీఓ తెంపింది, డ్రైవ్ చేతులెత్తేసింది. అక్కడినుంచి రోటర్ బేరింగ్ రాపిడితో మాత్రమే ఆగాలి. 720 నుంచి ఊరికే వదిలేస్తే ఈ రోటర్ 38 సెకన్లు తిరుగుతుంది, అంటే సెకనుకి సుమారు 19 ఆర్‌పీఎం చొప్పున దిగుతుంది. 400ని 19తో భాగిస్తే 21. ముందు 5, తర్వాత 21, మొత్తం 26. లెక్క కుదిరింది కదా. పేరుకి కేటగిరీ 1, జరుగుతున్నది మాత్రం మొదట కొంచెం ర్యాంప్, తర్వాత కేటగిరీ 0.

కొలిచే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. ఎన్‌కోడర్ లేని డ్రైవ్‌లో వేగం డ్రైవ్ వేసుకునే అంచనా మాత్రమే. ఎస్‌టీఓ పడగానే పల్సులు ఆగిపోతాయి, అంచనా వేయడానికి దానికి ఏమీ ఉండదు, స్క్రీన్ మీద సున్నా చూపిస్తుంది. లోపల తెడ్లు 400 మీద తిరుగుతుంటాయి, స్క్రీన్ 0 అంటుంది. ఆ సున్నాని చూసి మూత తీసేవాళ్లు ఉంటారు. అందుకే షాఫ్ట్ చివర రిఫ్లెక్టివ్ టేప్ ముక్క అంటించి ఆప్టికల్ టాకోమీటర్‌తో కొలవాలి. అది లేకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. పుల్లీ మీద ఒక తెల్ల గీత, అదే ఫ్రేమ్‌లో ఎమర్జెన్సీ బటన్ కూడా కనబడాలి. 240 ఫ్రేమ్‌లలో ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. బటన్ లోపలికి వెళ్లిన ఫ్రేమ్ నుంచి గీత కదలడం మానేసిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే చాలు. పల్పర్‌ని ఖాళీగా ఉంచి కొలవాలి. లోపల గుజ్జు ఉంటే అదే బ్రేక్ లాగా పట్టుకుంటుంది, అంకె మంచిగా వచ్చి మనల్ని మోసం చేస్తుంది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రిలే టైమర్‌ని 5 నుంచి 11కి పెంచడం. అప్పుడు డ్రైవ్ తన 9 సెకన్లలో దించుకుంటుంది, ఎస్‌టీఓ ఆ తర్వాత పడుతుంది. డబ్బు ఖర్చు లేదు, నిజమైన కేటగిరీ 1 అవుతుంది. కానీ చెయ్యి చిక్కుకున్నప్పుడు 9 సెకన్లు చాలా ఎక్కువ. పైగా ఆ 9 కూడా ఓవర్‌వోల్టేజ్ కంట్రోల్ దయ, సప్లై వోల్టేజ్ ఎక్కువగా ఉన్న రోజు అది ఇంకా సాగుతుంది.

రెండోది, బ్రేక్ రెసిస్టర్. ఈ సైజు డ్రైవుల్లో చాలావాటికి చాపర్ లోపలే ఉంటుంది, రెసిస్టర్ కొని బయట బిగిస్తే చాలు. అక్కడ 100 ఓమ్ వేశాం. చాపర్ పనిచేసే వోల్టేజ్ 780 అనుకుంటే దాదాపు 6 కిలోవాట్లు మింగగలదు, మనకి కావాల్సింది 4 లోపే. ఓమ్‌లు డ్రైవ్ మాన్యువల్‌లో చెప్పిన కనిష్ఠం కంటే తక్కువ కాకూడదు. చాపర్ ఆన్ చేసి, 30.30 ఆఫ్ చేయాలి. ఈ రెండోది మర్చిపోతే డ్రైవ్ రెసిస్టర్‌ని సరిగా వాడుకోకుండా పాతలాగే ర్యాంప్ సాగదీస్తుంది. ఇవన్నీ అయ్యాక ఖాళీ పల్పర్‌ని పదిసార్లు ఆపి కొలిచాం. అన్నిటికంటే ఎక్కువ వచ్చింది 4.1 సెకన్లు. రిలే 5 దగ్గరే ఉంచాం. 4.1 తర్వాత ఆగి ఉన్న రోటర్ మీద 5కి ఎస్‌టీఓ పడుతుంది.

దీంతో బటన్ వరకు అయిపోయింది. మూత సంగతి ఉంది. మూతకి స్విచ్ పెట్టి, తెరవగానే ఇదే రిలేని ట్రిప్ చేస్తే చాలదా అని అన్న అడిగాడు. లెక్క చూద్దాం. మనిషి నడిచి వచ్చే వేగాన్ని ఐఎస్ఓ 13855 సెకనుకి 1600 మిల్లీమీటర్లుగా తీసుకుంటుంది. 4.1 సెకన్లలో అది ఆరున్నర మీటర్లు. పల్పర్ మూతకీ తెడ్డుకీ మధ్య ఉన్నది జానెడు. కాబట్టి తెరిచాక ఆపడం అనే మాటే లేదు, ఆగేదాకా తెరుచుకోకూడదు. గార్డ్ లాక్ కావాలి, అది కూడా కరెంటు ఇస్తే తెరుచుకునే రకం. కరెంటు పోతే మూసే ఉండాలి.

మరి లాక్ ఎప్పుడు విడవాలి? 5 సెకన్లకి అనే చాలామంది పెడతారు, ఎస్‌టీఓ పడింది కదా అని. ర్యాంప్ మధ్యలో రెసిస్టర్ వైరు ఊడిందనుకోండి. బస్ వోల్టేజ్ పెరిగి డ్రైవ్ 3210 ఫాల్ట్‌తో ట్రిప్ అవుతుంది. లేదా ఆ క్షణంలోనే కరెంటు పోయి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ ర్యాంప్ ఉండదు, రోటర్ తన 38 సెకన్లు తిరుగుతుంది. కేటగిరీ 1 ఏ క్షణంలోనైనా కేటగిరీ 0గా మారిపోవచ్చు. కాబట్టి లాక్ టైమర్‌ని ర్యాంప్ సమయాన్ని బట్టి కాదు, ఊరికే వదిలేస్తే ఆగే సమయాన్ని బట్టి పెట్టాలి. మేం 50 పెట్టాం. 38 మీద ఆ పన్నెండు ఎందుకంటే, కొత్త బేరింగులు వేసిన రోజు రాపిడి తగ్గి ఆ 38 పెరుగుతుంది. ఈ టైమర్ కూడా సేఫ్టీ రకమే కావాలి, పీఎల్‌సీలో రాసుకున్న టైమర్ కాదు.

50 సెకన్లు కాచుకోవడం కడిగేవాళ్లకి నచ్చదు, ముందే చెప్తున్నా. రోజుకి ఇరవైసార్లు కడిగితే అది పదిహేను నిమిషాలు దాటుతుంది, సూపర్‌వైజర్ కూడా అడుగుతాడు. ఆ సమయం మిగలాలంటే షాఫ్ట్ దగ్గర రెండు ప్రాక్సిమిటీ సెన్సర్లు పెట్టి వేగాన్ని నిజంగా చూసే సేఫ్టీ రిలే కొనాలి. అప్పుడు రోటర్ 4 సెకన్లకి ఆగితే మూత వెంటనే వస్తుంది, 38 పడితే 38 తర్వాతే వస్తుంది. అంతేగానీ టైమర్ నాబ్‌ని 10కి తిప్పేయడం దారి కాదు. అందుకే సెట్ చేశాక రెండు నాబ్‌ల మీదా చుక్క పెయింట్ వేశాం, ఎవరైనా తిప్పితే తెలిసిపోతుంది.

చివరి పరీక్ష రీస్టార్ట్. ఎమర్జెన్సీ బటన్‌ని తిప్పి బయటికి లాగినప్పుడు మోటార్ మొదలవకూడదు. రిలే రీసెట్ నొక్కినప్పుడూ మొదలవకూడదు. ఆ తర్వాత స్టార్ట్ నొక్కితేనే మొదలవ్వాలి. రన్ ఆజ్ఞ సెలెక్టర్ స్విచ్ మీద ఉన్న మెషిన్లలో ఇది తరచుగా ఫెయిలవుతుంది, ఎందుకంటే స్విచ్ రన్‌లోనే ఉండిపోతుంది, ఎస్‌టీఓ తిరిగి రాగానే డ్రైవ్ ఆ ఆజ్ఞని చూసి లేచిపోవచ్చు. స్విచ్‌ని రన్‌లో ఉంచే పరీక్షించండి, ఆఫ్ చేసి కాదు. ఆ యూనిట్‌లో పుష్ బటన్లు ఉన్నాయి కాబట్టి స్టార్ట్ బటన్‌ని వేలితో నొక్కిపట్టుకుని రీసెట్ చేశాం. లేవలేదు.

ప్యానెల్ తలుపు లోపల అంటించిన కాగితంలో ఇవి రాశాం: రిలే ఆలస్యం 5 సెకన్లు, కొలిచిన ఆగే సమయం 4.1, ఊరికే వదిలితే 38, లాక్ 50, 23.23 విలువ 4, 30.30 ఆఫ్, జంపర్లు తీసేశాం, IN1, IN2 విడిగా చూశాం, తేదీ, ఇద్దరి సంతకాలు. ఈ యూనిట్లు ఏడాదిలో చాలా నెలలు మూసే ఉంటాయి. అందుకని సీజన్‌కి ముందు మొదటి కాయ పడకముందే, 13-14కి 24 వోల్ట్ ఇచ్చి చేసే ఆ పరీక్షతో సహా మొత్తం మళ్లీ చేయాలని అదే కాగితంలో కింద రాయించాడు అన్న.

కాయలు పైకి ఎక్కించే ఎలివేటర్ గురించి కూడా అడిగారు. దానికి ఈ లెక్క తిరగబడుతుంది. ఎస్‌టీఓ పడగానే టార్క్ పోయి, కాయల బరువుకి బెల్ట్ వెనక్కి జారుతుంది. అక్కడ మోటార్‌కి మెకానికల్ బ్రేక్ లేకుండా ఎస్‌టీఓ ఒక్కటే పెట్టకూడదు, పరీక్ష కూడా ఖాళీగా కాకుండా నిండు లోడ్‌తో చేయాలి. బ్రేక్ కాయిల్‌ని రిలేకి కలపడం పెద్ద కథ, దానికి వచ్చే ఎపిసోడ్ తీసుకుంటా.